ఆలస్యంగా వచ్చి, గంటసేపు గుమ్మం ముందే ఉండిపోయిన పార్సిల్: తినొచ్చా, పారేయాలా? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మే నెల, ఆదివారం, హైదరాబాద్. మా ఇంటికి అక్కావాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం 12:30కి చికెన్ బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్, చికెన్ 65, పెరుగన్నం, నాన్‌లు, గులాబ్‌జామూన్ ఆర్డర్ పెట్టాం. 1:15కి వస్తుందని యాప్‌లో చూపించింది. వచ్చింది 2:15కి. మా అక్క కొడుకు నిద్రపోతున్నాడని ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టాం, బెల్ కొట్టొద్దని, గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళమని ఆర్డర్‌లో రాశాం. ఆ అబ్బాయి అలాగే పెట్టి వెళ్ళాడు. మేం తలుపు తీసింది 3:15కి.

అప్పటికి అందరికీ ఆకలి దంచేస్తోంది. డబ్బా పట్టుకుంటే వెచ్చగా ఉంది. "ఇంకా వేడిగానే ఉందిగా, పెట్టేయ్" అంది అక్క. నేను పెట్టలేదు. ఆ రోజు నుంచి చుట్టాలు, పక్క ఫ్లాట్లవాళ్ళు నన్ను అడుగుతున్న ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. ఐదేళ్ళుగా ఇంట్లోనే చిన్న క్యాటరింగ్ నడుపుతున్నాను. వండిన అన్నం ఎంతసేపు ఆగుతుందన్నది నాకు రోజూ ఉండే లెక్కే.

గుమ్మం దగ్గర ఉన్నది గంటే కదా, అంతలోనే పాడైపోతుందా?

లెక్క తప్పేది ఇక్కడే. మనం గుమ్మం దగ్గర పెట్టినప్పటి నుంచి లెక్కపెడతాం. బ్యాక్టీరియాకి మన గుమ్మంతో పనిలేదు. పొయ్యి మీద నుంచో, వేడిగా ఉంచే పాత్రలో నుంచో తీసి డబ్బాలో సర్దిన నిమిషం నుంచి దాని గడియారం నడుస్తుంది. హోటల్ కౌంటర్ మీద ఆగిన సమయం, బండి మీద తిరిగిన సమయం, మన కారిడార్‌లో ఉన్న సమయం, అన్నీ కలిపి ఒకటే లెక్క.

యాప్‌లో ఆర్డర్ వివరాలు తెరిస్తే, డెలివరీ అబ్బాయి హోటల్ నుంచి ఎప్పుడు తీసుకున్నాడో చాలాసార్లు కనిపిస్తుంది. మాది 1:10కి తీసుకున్నాడు. అంటే తలుపు తీసేసరికి రెండు గంటల ఐదు నిమిషాలు. మేం అనుకున్న "గంట"కి ఇది రెట్టింపు.

అనుకూలమైన వేడి దొరికితే కొన్ని బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతాయి. ఒకటి గంటలో ఎనిమిదవుతుంది, రెండు గంటల్లో అరవై నాలుగు, మూడు గంటల్లో ఐదు వందల పైచిలుకు. మొదటి గంటలో పెద్దగా ఏమీ జరిగినట్టు ఉండదు, చివరి గంటలోనే అసలు నష్టమంతా. మన గుమ్మం దగ్గర గడిచేది ఆ చివరి గంటే.

డబ్బా ఇంకా వెచ్చగా ఉందంటే బాగున్నట్టే కదా?

కాదు. నన్ను అడిగితే అన్నిటికన్నా ప్రమాదమైన మాట ఇదే.

వండిన ఆహారం 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్నంతసేపు బ్యాక్టీరియా పెరగదు. 5 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నా దాదాపు పెరగదు. మధ్యలో ఉన్నదంతా దానికి పండగే. అందులోనూ మన ఒంటి వేడికి దగ్గరగా, 35 నుంచి 45 డిగ్రీల మధ్య, చాలా వేగంగా పెరుగుతుంది. పెద్ద గిన్నెల్లో వండిన మాంసం కూరల్లో పెరిగే క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే రకం ఉంది. 43 డిగ్రీల దగ్గర అది పది నిమిషాలకే రెండింతలు కాగలదు. అంటే చేతికి హాయిగా వెచ్చగా తగిలే డబ్బా, దానికి సరిగ్గా నచ్చే ఇల్లు.

థర్మామీటర్ లేకపోయినా తెలుసుకోవచ్చు. 60 డిగ్రీలంటే వేలు పెడితే వెంటనే వెనక్కి లాగేసుకునేంత వేడి. మూత తీయగానే ఆవిరి మొహానికి కొట్టి, ముద్ద కలపబోతే చెయ్యి కాలి, ఊదుకుంటూ తినాల్సి వస్తే ఆ వేడి ఇంకా నిలిచినట్టు. ఇబ్బంది లేకుండా చేత్తో కలుపుకోగలుగుతున్నారంటే అది 60 కిందకి ఎప్పుడో దిగిపోయింది.

ఇంకో సంగతి. డబ్బా అంతా ఒకేలా చల్లారదు. ఆ రోజు నా దగ్గరున్న గుచ్చే థర్మామీటర్‌తో చూశాను. ఫ్యామిలీ ప్యాక్ నడిమధ్యలో 49 ఉంది, అంచు దగ్గర 41. మూత లోపలివైపు నీటి చుక్కలు పట్టి, అవి అంచున ఉన్న మెతుకుల మీద పడి అక్కడ అన్నం తడితడిగా ముద్దయింది. మధ్యలో వేలు పెట్టి "వేడిగానే ఉంది" అంటాం. అంచున ఉన్న అన్నం సంగతి చూసుకోం. చిన్న సింగిల్ ప్యాక్ అయితే ఇంతకన్నా త్వరగా దిగిపోతుంది.

మళ్ళీ బాగా వేడి చేస్తే సరిపోదా?

దీనికి జవాబు రెండు భాగాలుగా చెప్పాలి.

గడువులోపే ఉన్న ఆహారమైతే వేడి చేసుకుని తినొచ్చు, చేయాలి కూడా. గడువు దాటిపోయిన దాన్ని వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది, కానీ అది అప్పటికే వదిలిన విషం కొన్నిసార్లు చావదు.

అన్నంలో ఉండే బాసిల్లస్ సెరియస్ సంగతి చూడండి. ఇది మట్టిలో ఉంటుంది, వడ్లతోపాటే వస్తుంది. బియ్యంలో ఇది గింజలాంటి గట్టి రూపంలో దాక్కుంటుంది, స్పోర్ అంటారు. అన్నం ఉడికినా ఆ స్పోర్ చావదు. అన్నం చల్లారి గోరువెచ్చగా అయ్యాక మొలకెత్తి, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని అన్నంలోకి వదులుతుంది. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా పోదని తేలింది. ప్రెషర్ కుక్కర్‌లో వచ్చే వేడికే లొంగనిది మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలకి లొంగుతుందా?

రెండోది స్టెఫైలోకాకస్. ఇది మనుషుల ముక్కులో, చర్మం మీద, చేతి మీద తెగిన గాయాల్లో ఉంటుంది. ఉడికిన కోడిముక్కలు సర్దేటప్పుడు, ఉల్లిపాయ చక్రాలు పైన పరిచేటప్పుడు చేతి నుంచి అంటుకుంటుంది. దీని విషం కూడా వేడికి చావదు.

ఇందాక చెప్పిన పర్‌ఫ్రింజెన్స్ మాత్రం మరో రకం. అది కడుపులోకి వెళ్ళాక విషం వదులుతుంది. కాబట్టి 75 డిగ్రీల దాకా వేడి చేస్తే బాగా తగ్గుతుంది. వచ్చిన డబ్బాలో ఏ రకం ఉందో చూసి చెప్పగలిగిన వంటవాడు ఎవరూ లేరు. అందుకే "వేడి చేసేద్దాం" అన్నది గడువు దాటిన డబ్బాకి మందు కాదు.

వాసన బాగానే ఉంది, రుచి చూసి చెప్పొచ్చా?

చెప్పలేం. పులిసిన వాసన, జిగురు, రంగు మారడం అన్నవి వేరే రకం సూక్ష్మజీవుల పని. అవి తెచ్చే మార్పు మనకి తెలుస్తుంది. జబ్బు చేసే రకాలు చాలావరకు వాసన గానీ రుచి గానీ మార్చవు. పైగా బిర్యానీలో మసాలా, పుదీనా, నెయ్యి ఏ చిన్న తేడానైనా కప్పేస్తాయి. జిగురు, పులుపు కనిపిస్తే పారేయండి. కనిపించలేదంటే మాత్రం బాగున్నట్టు కాదు.

ఎంతసేపటిని గడువు అనుకోవాలి?

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క సులువుగా గుర్తుంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య మొత్తం రెండు గంటలు. చుట్టూ గాలి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఆస్ట్రేలియాలో ఆహార వ్యాపారాలవాళ్ళు ఇంకోలా లెక్కేస్తారు. రెండు గంటల లోపైతే తినొచ్చు, లేదా ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. రెండు నుంచి నాలుగు మధ్యయితే అప్పటికప్పుడు తినేయాలి, దాచకూడదు. నాలుగు దాటితే పారేయాలి.

మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర మధ్యాహ్నం ఏ కారిడార్ అయినా 32 దాటుతుంది. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే ఎండాకాలంలో నేను ఒక్క గంట లెక్కే పాటిస్తాను. డిసెంబర్ రాత్రి, కారిడార్ 18 డిగ్రీలు ఉన్నప్పుడు, రెండు గంటల దాకా కంగారుపడను.

డబ్బాలో సర్దిన వెంటనే ఆహారం 60 కిందకి దిగదు. వేడివేడిగా సర్దిన పెద్ద ప్యాక్ అరగంట పైనే ఆ వేడి నిలుపుకోగలదు. ఆ కాస్త సమయం మినహాయించుకోవచ్చు. కానీ హోటల్‌లో ఎంత వేడిగా సర్దారో మనం చూడలేదు కాబట్టి ఆ మినహాయింపు మీద భారం వేయొద్దు.

మరి ఆ రోజు మీరు ఏది తిన్నారు, ఏది పారేశారు?

వరసగా చెబుతాను, ఎందుకంటే డబ్బా డబ్బాకీ జవాబు మారింది.

బిర్యానీ పారేశాం. 1:10కి బయల్దేరింది. అరగంట వేడి నిలిచిందని ఒప్పుకున్నా, 1:40 నుంచి 3:15 దాకా, అంటే గంటన్నర పైనే అంచులు గోరువెచ్చగా ఉన్నాయి. ఆ పూట మా కారిడార్‌లో 37 డిగ్రీలు. గంట లెక్క దాటిపోయింది. అన్నం, మాంసం రెండూ ఉన్న వంట. తినేవాళ్ళలో నాలుగేళ్ళ పిల్లాడు, డెబ్భై ఏళ్ళ మా అత్తయ్యగారు ఉన్నారు. ఆవిడకి షుగర్ కూడా. నాకు ఇంక ఆలోచించాల్సింది ఏమీ కనిపించలేదు. అదే ఇద్దరు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళం, చలికాలం అయ్యుంటే, పొగలు కక్కేలా వేడి చేసుకుని తినేవాళ్ళం.

చికెన్ 65 కూడా పారేశాం. నూనెలో వేగిందే, పొడిగానే ఉంది, కానీ దానితోపాటు మయోనీస్ గిన్నె వచ్చింది, కొన్ని ముక్కలకి అంటుకుంది కూడా. పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్ మీద నాకు అసలు నమ్మకం లేదు. హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది జబ్బుపడి, ఒకావిడ చనిపోయాక, 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనీస్‌ని ఏడాదిపాటు నిషేధించింది. వచ్చింది గుడ్డుదో, గుడ్డు లేనిదో గిన్నె మీద రాసి ఉండదు. ఎండలో ఉన్న మయోనీస్ ఏ రకమైనా చెత్తబుట్టలోకే.

పెరుగన్నం దగ్గర కాసేపు ఆగాను. పెరుగు పులుపు చాలా బ్యాక్టీరియాని అడ్డుకుంటుంది. కానీ హోటల్ పెరుగన్నంలో పులుపు తెలియకుండా పాలు ఎక్కువ పోస్తారు, ఎప్పుడో వండి చల్లార్చిన అన్నం కలుపుతారు. పిల్లాడికి పెట్టాల్సింది అదే కాబట్టి వద్దనుకున్నాం. ఇంట్లో పెరుగు ఉంది, ఇరవై నిమిషాల్లో అన్నం అయింది.

నాన్‌లు తిన్నాం. పొడిగా ఉన్న రొట్టె మీద గంటా రెండు గంటల్లో ఏమీ పెరగదు, గట్టిపడతాయి అంతే. పెనం మీద నీళ్ళు చిలకరించి వేడి చేశాను. గులాబ్‌జామూన్ కూడా తిన్నాం. చిక్కటి పాకంలో బ్యాక్టీరియాకి కావాల్సిన నీరు దొరకదు. అదే రసమలై అయితే, పాలలో తేలేది కాబట్టి, పారేసేదాన్ని.

ఆ రోజు నాన్‌లలోకి కోడిగుడ్డు పొరటు చేసుకున్నాం. బాధ లేదని కాదు. వెయ్యి రూపాయల పైన పెట్టి తెప్పించిన తిండి.

ఇడ్లీ, దోసెల లాంటి టిఫిన్ల సంగతేంటి?

ఇడ్లీ, దోసె కన్నా పక్కన వచ్చే కొబ్బరి చట్నీ ముందు పాడవుతుంది. పచ్చి కొబ్బరి, నీళ్ళు, ఉడికించని వంటకం. ఎండలో గంట దాటితే పారేయండి. అల్లం చట్నీలో చింతపండు, బెల్లం, ఉప్పు ఉంటాయి కాబట్టి నిలుస్తుంది. సాంబారులో పప్పు ఉంది కాబట్టి కూరల లెక్కే. వడ, పూరీ లాంటివి పొడిగా వస్తే పెద్ద భయం లేదు.

మా నాయనమ్మ రాత్రి అన్నం పొద్దున చద్దన్నంగా తినేది, ఆవిడకేం కాలేదే?

ఈ ప్రశ్న నాకు ఇష్టం. చద్దన్నం ఊరికే వదిలేసిన అన్నం కాదు. ఇంట్లో వండిన తెల్లన్నంలో నీళ్ళో, మజ్జిగో పోసి రాత్రంతా నానబెడతారు. పెరుగుని తోడుపెట్టే రకం బ్యాక్టీరియా అందులో పెరిగి పులుపు తెస్తుంది, ఆ పులుపు చెడ్డ రకాల్ని తొక్కిపెడుతుంది. పులిహోర కూడా అంతే. ప్రయాణాలకి పులిహోర కట్టుకెళ్ళేవాళ్ళు గానీ పులావ్ కట్టుకెళ్ళేవాళ్ళు కాదు. చింతపండు, ఉప్పు, నూనె కలిసి అన్నాన్ని కాపాడతాయని వాళ్ళకి అనుభవం నేర్పింది.

చికెన్ బిర్యానీలో ఆ పులుపు లేదు. మాంసం ఉంది, తడి ఉంది, ఎన్నో చేతులు తగిలాయి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో వెచ్చగా ఉంది. చద్దన్నాన్ని చూపించి దీన్ని తినమనడం ఆ నాయనమ్మ తెలివిని తక్కువ చేయడమే.

ఇప్పుడు తినకుండా ఫ్రిజ్‌లో పెట్టి రాత్రికి తినొచ్చా?

గడువు దాటినదాన్ని ఫ్రిజ్ బాగుచేయదు. గడువులో ఉన్నదైతే పెట్టొచ్చు, కానీ డబ్బా డబ్బాగా కాదు. ఫ్యామిలీ ప్యాక్‌ని అలాగే ఫ్రిజ్‌లో తోసేస్తే నడిమధ్య అన్నం చల్లబడడానికి గంటలు పడుతుంది. వెడల్పాటి పళ్ళేల్లో రెండంగుళాల మందాన పరిచి, ఆవిరి పోయాక మూతపెట్టి లోపల పెట్టండి. మర్నాటికి ముగించేయండి.

వేడి చేసేటప్పుడు కొంచెం నీళ్ళు చిలకరించి, మూతపెట్టి, సగంలో ఒకసారి కలిపి, మళ్ళీ వేడి చేయాలి. మైక్రోవేవ్ అక్కడక్కడా చల్లటి చోట్లు వదిలేస్తుంది కాబట్టి కలపడం తప్పనిసరి. మధ్యలో నుంచి కూడా పొగలు రావాలి. గ్రేవీ కూరలైతే స్టవ్ మీద తెర్లనివ్వండి. ఒక్కసారే వేడి చేయండి, మిగిలితే మళ్ళీ దాచకండి.

మేం తినకపోతే వాచ్‌మన్‌కో, పనమ్మాయికో ఇచ్చేయొచ్చా?

వద్దు. మీ పిల్లలకి పెట్టడానికి భయపడిన తిండి వాళ్ళ పిల్లలకి పెట్టకండి. వాళ్ళకి జబ్బు చేస్తే రోజు కూలీ పోతుంది, ఆస్పత్రి ఖర్చు మీద పడుతుంది. పారేయడానికి మనసొప్పక చాలామంది ఇలా ఇచ్చేస్తారు, మంచి మనసుతోనే. కానీ ఇవ్వాలనిపిస్తే బాగున్నప్పుడే, మొదటి అరగంటలోనే ఇవ్వాలి. వీధి కుక్కలకీ వద్దు. మసాలా, ఉల్లిపాయ, ఉడికిన కోడి ఎముకలు, మూడూ వాటికి కీడే.

గుమ్మం దగ్గర చీమలు పట్టాయి, కవర్ కొంచెం చిరిగింది. పైది తీసేసి తినొచ్చా?

చీమలు బయటి కవర్ మీదే ఉండి, లోపలి డబ్బా మూత, సీల్ చెక్కుచెదరకుండా ఉంటే తుడుచుకుని తీసుకోవచ్చు. లోపలికి వెళ్ళి ఉంటే, కవర్‌ని పిల్లి గానీ కుక్క గానీ లాగినట్టు ఉంటే, మూత ఊడి ఈగలు వాలి ఉంటే, టైమ్ లెక్క చూడనక్కర్లేదు, పారేయండి.

తెలియక తినేశాం. ఇప్పుడేం చేయాలి?

కంగారుపడి వాంతి తెప్పించుకోకండి. ఎక్కువసార్లు ఏమీ కాదు. కానీ గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయన్నదే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు ఉన్నట్టుండి వాంతులైతే, ఆహారంలో ముందే చేరిన విషం కావచ్చు. ఆరు గంటలు దాటాక, ఆ రాత్రో మర్నాడో కడుపునొప్పి, విరేచనాలైతే పర్‌ఫ్రింజెన్స్ లాంటిది కావచ్చు. జ్వరంతో కలిసి రెండు మూడు రోజుల్లో వస్తే సాల్మొనెల్లా లాంటివి కావచ్చు.

ఇంట్లో చేయగలిగిన పెద్ద వైద్యం పోయిన నీటిని, ఉప్పుని తిరిగి ఇవ్వడమే. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉందో సరిగ్గా అన్ని నీళ్ళలోనే మొత్తం ప్యాకెట్ కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేయకూడదు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలగొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళ లోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకి 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్ళీ మొదలుపెట్టండి.

షాపులో టెట్రా ప్యాక్‌లో దొరికే తియ్యటి పానీయాలని ఓఆర్ఎస్ అనుకుని కొనకండి. అవి విరేచనాలని ఇంకా పెంచగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాతో లేని పానీయాల మీద ఆ పేరు వేయకూడదని 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశం ఇచ్చింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ ఒకావిడ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది.

విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం, నీళ్ళు కూడా నిలవని వాంతులు, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, పిల్లలు మగతగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి వెళ్ళండి. గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్ళు, కీమో లాంటి చికిత్స తీసుకుంటున్నవాళ్ళు ఇంత దాకా ఆగకండి. విరేచనాలు ఆపే మాత్రలు, యాంటీబయాటిక్‌లు సొంతంగా వేసుకోకండి.

ఒకే భోజనం తిన్న ఇద్దరు ముగ్గురికి జబ్బు చేస్తే, మిగిలిన ఆహారాన్ని పారేయకుండా కవర్‌లో కట్టి, "తినొద్దు" అని రాసి ఫ్రిజ్‌లో ఉంచండి. ఫుడ్ సేఫ్టీ అధికారికి శాంపిల్ కింద అవసరం పడొచ్చు.

డబ్బులు తిరిగి వస్తాయా? తప్పు ఎవరిది?

ముందు నిజం ఒప్పుకోవాలి. మా విషయంలో గంట ఆలస్యం వాళ్ళది, గుమ్మం దగ్గరి గంట మాది. ఫిర్యాదులో అలాగే రాశాను. 1:15కి రావాల్సింది 2:15కి వచ్చింది, 1:10కే హోటల్ నుంచి బయల్దేరింది, గంటకు పైగా బండి మీదే ఉంది, దానికి మాత్రమే పరిహారం అడుగుతున్నాను అని. టైమ్‌లు కనిపించే స్క్రీన్‌షాట్, సీల్ తీయకముందు తీసిన ఫోటో, బిల్లు ఫోటో పెట్టాను. చాట్‌లో మొదట 100 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. టైమ్‌లు మళ్ళీ చూపించి అడిగాక సగం డబ్బు వెనక్కి వేశారు. మిగతా సగం మా తప్పు కిందే రాసుకున్నాను.

అక్కడ తేలకపోతే ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆహారం చెడిపోయి ఉంటే, శుభ్రత గురించి అయితే ఎఫ్ఎస్ఎస్ఏఐకి చెందిన Food Safety Connect యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు, లేదా 1800112100కి ఫోన్ చేయొచ్చు. బిల్లు మీద ఉండే 14 అంకెల లైసెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి.

డెలివరీ అబ్బాయి మీద విరుచుకుపడకండి. హోటల్‌లో ఆలస్యమైందా, రెండు ఆర్డర్లు కలిపి ఇచ్చారా, మ్యాప్ తప్పు గేటుకి తీసుకెళ్ళిందా అన్నది అతని చేతిలో ఉండదు. మా ఆర్డర్ తెచ్చినతను ముందు పక్క అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాడని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. మ్యాప్‌లో మా ఇంటి గుర్తు అక్కడే పడి ఉంది. అది సరిచేయాల్సింది నేను.

మళ్ళీ ఇలా జరగకుండా ఏం మార్చుకున్నారు?

మ్యాప్‌లో గుర్తు సరిచేశాను. గుమ్మం దగ్గర పెట్టమనే ఆప్షన్ ఎంచుకుంటే ఇంట్లో ఒకరి ఫోన్ వైబ్రేషన్‌లో చేతిలోనే ఉంటుంది. ఎండాకాలంలో దూరం హోటల్ నుంచి తెప్పించడం మానేశాం. అరగంట ఆలస్యం కనిపిస్తే, హోటల్ ఇంకా సర్దకముందే అయితే క్యాన్సిల్ చేయొచ్చేమో చూస్తాం. పార్సిల్ ఇంట్లోకి రాగానే మా అక్క ఇప్పుడు డబ్బా పట్టుకుని వేడి చూడదు. ముందు యాప్ తెరిచి, హోటల్ నుంచి ఎప్పుడు బయల్దేరిందో చూస్తుంది.